పాత పాస్‌వర్డ్ ఇంకా బతికే ఉంది

సోమవారం పొద్దున తొమ్మిదింపావు. సర్వీస్ డెస్క్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని కుర్చీలో సర్దుకునేలోపే ఫోన్ మోగింది. అవతల కాకినాడలో ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని.

"సర్, పాస్‌వర్డ్ గడువు అయిపోతోందని మెయిల్ వస్తే మార్చానండి. మీ ఆర్టికల్‌లో ఉన్నట్టే చేశాను. రీస్టార్ట్ చేశాక కొత్త పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు. పదింటికి క్లయింట్ కాల్ ఉంది సర్."

"కంగారు పడకండి మేడమ్, ఇంకోసారి రీసెట్ చేస్తాను" అన్నాను. చేశాను. తాత్కాలిక పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం చదివి వినిపించాను. అదీ తీసుకోలేదు. మూడోసారి చేశాను, అదీ అంతే. పదింటి కాల్ తప్పిపోయింది. రెండు రోజుల తర్వాత ఆ లాప్‌టాప్ కొరియర్‌లో హైదరాబాద్ వచ్చింది. మా ఆఫీసులో నెట్‌వర్క్ కేబుల్ తగిలించగానే, చివరగా నేను చెప్పిన పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంది. మెషీన్‌లో ఏ లోపమూ లేదు. టికెట్ మీద "పరిష్కరించాం" అని రాసి మూసేశాను. ఆ రోజు ఆమెను ఆపేసింది మా ఆర్టికల్‌లోని ఒక్క వాక్యమని తెలుసుకోవడానికి నాకు ఇంకొన్ని నెలలు పట్టింది.

సర్వీస్ డెస్క్ అంటే, కంపెనీలో ఎవరి కంప్యూటర్‌కి ఏ ఇబ్బంది వచ్చినా మొదట ఫోన్ చేసే చోటు. ప్రతి ఫోన్‌కీ ఒక టికెట్ పుడుతుంది. డెస్క్‌లో తేలకపోతే దాని నుంచి ఇంకో జట్టుకి ఒక టాస్క్ వెళ్తుంది: మెషీన్ తెప్పించండి, చూడండి, తిరిగి పంపండి అని. ఇక ఉద్యోగులు తమంతట తాము చూసి చేసుకోవడానికి, డెస్క్‌లో ఉన్నవాళ్లు చూసి చెప్పడానికి కొన్ని వందల ఆర్టికల్స్ రాసి ఉంటాయి. పాస్‌వర్డ్ ఎలా మార్చాలి, ప్రింటర్ ఎలా కలపాలి, సెలవు పెట్టే సైట్ తెరుచుకోకపోతే ఏం చేయాలి, ఇలాంటివి. వాటన్నిటినీ కలిపి నాలెడ్జ్ బేస్ అంటారు. మా దగ్గర అందరికంటే ఎక్కువ మంది తెరిచేది పాస్‌వర్డ్ ఆర్టికలే. 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చి తీరాలన్నది కంపెనీ నియమం.

తప్పు ఉందన్న అనుమానం మా రిపోర్టుల్లో ఎక్కడా రాలేదు. వచ్చే వీలు లేదు కూడా. పాస్‌వర్డ్ రీసెట్ రెండు నిమిషాల పని. ఫోన్ రాగానే చేసి, టికెట్ మూసేస్తాం. అదే మనిషి అరగంటకి మళ్లీ ఫోన్ చేస్తే అది ఇంకో టికెట్. అదీ రెండు నిమిషాల్లో మూసేస్తాం. నెలాఖరున లెక్క తీస్తే టికెట్లు ఎక్కువ, మూసిన వేగం ఎక్కువ, గడువు దాటినవి దాదాపు లేవు. తప్పుడు ఆర్టికల్ ఎంత మందిని ఇబ్బంది పెడితే డెస్క్ అంకెలు అంత బాగా కనిపిస్తాయి. అందుకే ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే అంకెలు చాలవు, టికెట్లు చదవాలి.

నన్ను చదివించింది కొరియర్ ఖర్చు. లాప్‌టాప్‌లు తెప్పించే టాస్కులు ఎందుకు పెరిగాయో చూడమని పై నుంచి మాట వచ్చింది. ఆ టాస్కులు ఏ టికెట్ల నుంచి పుట్టాయో వెనక్కి వెళ్తే, సగానికి పైగా పాస్‌వర్డ్ టికెట్లే. మూసేసిన పాస్‌వర్డ్ టికెట్లు ఒక 60 తీసి, రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. పైన రాసిన వర్గం పేరు చూడలేదు. మనిషి ఫోన్ చేయడానికి ముందు ఏం చేశాడన్నది ఒక్కటే వెతికాను. 23 చోట్ల అదే మనిషి అదే రోజు రెండోసారి ఫోన్ చేశాడు. ఆ 23 మందిలో 21 మంది ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్లు. ఆఫీసుకి వచ్చి పనిచేసేవాళ్లు కూడా అదే ఆర్టికల్ చూసి అవే స్టెప్పులు చేస్తున్నారు, కానీ వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో చేస్తేనే తేడా కొడుతోంది.

ఎందుకన్నది అర్థం కావాలంటే లాప్‌టాప్ పాస్‌వర్డ్‌ని ఎలా సరిచూస్తుందో కాస్త తెలియాలి.

కంపెనీలో అందరి పాస్‌వర్డ్‌ల లెక్క ఒక సర్వర్ దగ్గర ఉంటుంది. డొమైన్ కంట్రోలర్ అంటారు దాన్ని. ఆఫీసులో మీరు పాస్‌వర్డ్ కొట్టగానే లాప్‌టాప్ వెళ్లి ఆ సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ సరేనంటే తలుపు తీస్తుంది. మరి ఇంట్లోనో, రైల్లోనో ఉన్నప్పుడు? సర్వర్ అందదు. అప్పుడు లాప్‌టాప్ చివరిసారి సర్వర్ ఒప్పుకున్నప్పుడు తన దగ్గర దాచుకున్న ఒక గుర్తుతో సరిపోల్చుకుంటుంది. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టుగా దాచదు, దాన్ని పోల్చి చూడటానికి పనికొచ్చే గుర్తు మాత్రమే దాస్తుంది. విండోస్‌లో మామూలుగా ఇలా 10 మంది గుర్తులు దాకా ఉంటాయి. ఆ గుర్తుకి గడువు లేదు. మళ్లీ సర్వర్‌తో మాట్లాడేదాకా అదే నిలిచి ఉంటుంది.

ఇప్పుడు కాకినాడ మేడమ్ ఏం చేశారో చూద్దాం. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ పోర్టల్ తెరిచి కొత్తది పెట్టారు. సర్వర్‌లో మారిపోయింది. లాప్‌టాప్‌కి ఆ సంగతి తెలియదు. ఆర్టికల్ చెప్పినట్టు రీస్టార్ట్ చేశారు. లాగిన్ తెర వచ్చింది. అప్పటికింకా వీపీఎన్ లేదు, ఎందుకంటే లోపలికి వెళ్లాక గానీ వీపీఎన్ కలపలేం. సర్వర్ అందదు కాబట్టి లాప్‌టాప్ తన పాత గుర్తుతో పోల్చుకుంది. కొత్త పాస్‌వర్డ్ కొడితే తప్పంది. పాతది కొట్టి ఉంటే హాయిగా తెరుచుకునేది.

ఆమె పాతది ఎందుకు కొట్టలేదు? మా ఆర్టికల్‌లో నాలుగో స్టెప్పు ఇలా ఉంది: "రీస్టార్ట్ చేసి కొత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి. పాత పాస్‌వర్డ్ ఇక పనిచేయదు." ఆ రెండో వాక్యమే ఆమెను గుమ్మం బయట నిలబెట్టింది.

పైగా నేను చేసిన రెండు రీసెట్లూ ఆ తలుపును ఇంకాస్త బిగించాయి. సర్వర్‌లో పాస్‌వర్డ్ మూడు చేతులు మారింది, లాప్‌టాప్ మాత్రం మొదటిదాని దగ్గరే ఆగి ఉంది. గంటలో మూడు కొత్త పాస్‌వర్డ్‌లు విన్న మనిషికి మూడు నెలలుగా వాడిన మొదటిది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుందా? అది గుర్తు రాకపోతే ఇక లాప్‌టాప్‌ని ఆఫీసు నెట్‌వర్క్ దగ్గరికి తేవడమే దారి. లాగిన్‌కి ముందే కలిసే వీపీఎన్ ఉన్న కంపెనీల్లో ఈ గొడవ ఉండదు. మా దగ్గర అది లేదు. నేను సాయం అనుకుని చేసిన పని ఒక టికెట్‌ని కొరియర్ టాస్క్‌గా మార్చింది. ఇది నా ఒక్కడి పొరపాటు కూడా కాదు, డెస్క్‌లో అందరం అదే ఆర్టికల్ చూసి అలాగే చేస్తున్నాం.

ఆర్టికల్ వెనక్కి వెళ్లి చూస్తే, చివరిసారి సరిచేసింది 2018లో. రాసినవారు కంపెనీ వదిలి వెళ్లిపోయారు. నిజానికి రాసిన రోజున అందులో ఒక్క తప్పూ లేదు. 2018లో అందరూ మాదాపూర్‌కో గచ్చిబౌలికో వచ్చి, ఆఫీసు నెట్‌వర్క్ మీదే పనిచేసేవారు. రీస్టార్ట్ చేస్తే లాప్‌టాప్ సర్వర్‌ని అడిగేది, కొత్త పాస్‌వర్డ్ పనిచేసేది, పాతది పనిచేయకపోయేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరూ మెషీన్లు చంకన పెట్టుకుని ఊళ్లకు వెళ్లారు. చాలామంది అక్కడే ఉండిపోయారు. ఆర్టికల్ మాత్రం అందరూ ఇంకా ఆఫీసులోనే ఉన్నారనుకుంటోంది. దానికింద "ఉపయోగపడింది" అని నొక్కినవాళ్లు వందల్లో ఉన్నారు. ఆ మెచ్చుకోళ్లలో చాలాభాగం ఆఫీసు రోజుల్లోవే. చూసినవాళ్ల సంఖ్య, నచ్చినవాళ్ల సంఖ్య చూసి ఆర్టికల్ బాగుందని నమ్మితే ఇలాగే మోసపోతాం.

కారణం తెలిసినట్టే ఉన్నా నేను వెంటనే ఆర్టికల్ దిద్దలేదు. ముందు స్పేర్‌లో ఉన్న ఒక లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లాను. టెస్ట్ అకౌంట్ ఒకటి తీసుకుని, నాకేమీ తెలియనట్టు ఆర్టికల్‌లో ఉన్నది ఉన్నట్టు చేశాను. మన బుద్ధి అడ్డుపడుతుంది అక్కడ. తెలిసిన మనిషి తెలియకుండానే వీపీఎన్ ముందు కలిపేస్తాడు, ఆర్టికల్‌లో లేని స్టెప్పు చేసేస్తాడు, "నాకు పనిచేసింది కదా" అంటాడు. వేలు పెట్టి ఒక్కో స్టెప్పు చదువుతూ చేస్తే, నాలుగో స్టెప్పు దగ్గర తెర మీద ఇది కనిపించింది:

```
The password is incorrect. Try again.
```

ఆ తర్వాత పాత పాస్‌వర్డ్ కొట్టాను. తెరుచుకుంది. కొత్త పాస్‌వర్డ్‌తో వీపీఎన్ కలిపాను. కలిసింది. ఇక్కడ లాప్‌టాప్‌కి పాతది, వీపీఎన్‌కి కొత్తది, ఒకే మనిషికి ఒకే సమయంలో రెండు పాస్‌వర్డ్‌లూ చెల్లుతున్నాయి. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే ఏ ఉద్యోగికైనా ఎలా తడుతుంది? తర్వాత `Windows + L` నొక్కి తెరకి తాళం వేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరిచాను. ఆ సమయానికి వీపీఎన్ ద్వారా సర్వర్ అందుతోంది కాబట్టి లాప్‌టాప్ అక్కడ అడిగి, ఒప్పుకుని, తన గుర్తుని కొత్తదానికి మార్చుకుంది. వీపీఎన్ తీసేసి రీస్టార్ట్ చేసి చూశాను. ఈసారి కొత్తది పనిచేసింది.

ఇంకో దారి ఇంతకంటే సులువు. వీపీఎన్ ముందే కలిపి ఉంచి, పోర్టల్ జోలికి పోకుండా `Ctrl + Alt + Del` నొక్కి, `Change a password` ఎంచుకుని అక్కడే మార్చడం. అప్పుడు సర్వర్‌లోనూ లాప్‌టాప్‌లోనూ ఒకేసారి మారుతుంది. రీస్టార్ట్ అక్కర్లేదు. ఉద్యోగులకి మొదటగా చెప్పాల్సింది ఇదేనని నిర్ణయించుకున్నాం. పోర్టల్‌లో మార్చేసి ఇరుక్కున్నవాళ్లకి పైన చెప్పిన పద్ధతి.

ఆ తర్వాత రాయడం. ఇక్కడ మొదటి ప్రశ్న: కొత్త ఆర్టికల్ రాయాలా, పాతదాన్నే దిద్దాలా? కొత్తది రాయడం తేలిక. ఎవరినీ అడగక్కర్లేదు. కానీ పాత ఆర్టికల్ నంబరు గడువు మెయిల్‌లో లింకుగా ఉంది, కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే కాగితాల్లో ఉంది, ఎందరి బుక్‌మార్కుల్లోనో ఉంది. కొత్తది రాస్తే వెతికినవాళ్లకి రెండూ కనిపిస్తాయి. పేరు బాగా తెలిసిన పాతదే ముందు తెరుస్తారు. అందుకని అదే నంబరు మీద కొత్త వెర్షన్ పెట్టాం. వెతికితే ఇదే విషయం మీద ఇంకో రెండు చిన్న ఆర్టికల్స్ కూడా బయటపడ్డాయి. వాటిని పూర్తిగా చెరిపేయకుండా వాడుక నుంచి తప్పించి, ఎప్పుడు ఎందుకు తప్పించామో రాసి పెట్టాం. చెరిపేస్తే ఇంకెక్కడో ఉన్న లింకు నొక్కినవాళ్లకి ఖాళీ పేజీ వస్తుంది.

పాత శీర్షిక "డొమైన్ పాస్‌వర్డ్ మార్పు విధానం". ఆ మాటతో ఏ ఉద్యోగీ వెతకడు. ఆ 60 టికెట్లలో మనుషులు వాళ్ల మాటల్లో చెప్పింది తీసుకుని, శీర్షిక కింద మొదటి వరుసలో పెట్టాం: "కొత్త పాస్‌వర్డ్ పెట్టాను, లాప్‌టాప్ తీసుకోవట్లేదు." ఆ తర్వాత ఏ స్టెప్పు కంటే ముందు ఒక ప్రశ్న: మీరిప్పుడు ఆఫీసులో ఉన్నారా, బయట ఉన్నారా? పాత ఆర్టికల్‌లో లేనిది సరిగ్గా ఇదే. సర్వీస్ డెస్క్‌ల పనితీరు మీద 1992 నుంచి పనిచేస్తున్న కన్సార్షియం ఫర్ సర్వీస్ ఇన్నోవేషన్ అనే సంస్థ ఆర్టికల్‌కి ఒక అచ్చు సూచిస్తుంది: సమస్య ఏమిటి, ఏ పరిస్థితిలో, పరిష్కారం ఏమిటి, కారణం ఏమిటి. చాలామంది రెండోదాన్ని ఖాళీగా వదిలేస్తారు. రాసే రోజున అందరి పరిస్థితీ ఒకటే కాబట్టి అది రాయాలని తోచదు. పరిస్థితి మారిన రోజున ఆ ఖాళీలోంచే తప్పు పుడుతుంది.

"పాత పాస్‌వర్డ్ ఇక పనిచేయదు" తీసేశాం. దాని చోట రాసింది: "మీరు ఇంట్లో ఉంటే, లాప్‌టాప్ తెరవడానికి పాత పాస్‌వర్డే వాడండి. కింది స్టెప్పులు పూర్తయ్యేదాకా దాన్ని మరిచిపోవద్దు." చివర పరిమితి కూడా చెప్పాం. ఇది మా డొమైన్‌లో చేర్చిన లాప్‌టాప్‌లకే వర్తిస్తుంది. క్లౌడ్‌లో మాత్రమే నమోదైన కొత్త మెషీన్ల పద్ధతి వేరు, వాటికి వేరే ఆర్టికల్ ఉంది. తెరకి తాళం వేయగానే తెగిపోయే వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. అలాంటిది వాడే జట్టుకి `Windows + L` పద్ధతి పనిచేయదు. ఆ జట్టుకి ఆ స్టెప్పు కనపడకుండా చేశాం.

డెస్క్‌లో ఉన్నవాళ్లకి ఇంకో మాట చేర్చాం. రీసెట్ బటన్ నొక్కే ముందు, "చివరిసారి ఏ పాస్‌వర్డ్‌తో లాప్‌టాప్ తెరిచారు, అది ఒకసారి కొట్టి చూస్తారా?" అని అడగాలి. తెరుచుకుంటే రీసెట్ అక్కర్లేదు. లోపలికి వెళ్లి వీపీఎన్ కలిపాక, సర్వర్ లెక్కలో పాస్‌వర్డ్ ఎప్పుడు మారిందో ఉద్యోగి తెర మీదే చూడొచ్చు:

```
net user %USERNAME% /domain
```

ఇందులో `Password last set` వరుసలో ఉన్న తేదీ, ఉద్యోగి చెప్పిన సమయం కలిస్తే పోర్టల్‌లో మార్పు నిజంగా జరిగినట్టు. కలవకపోతే మార్పే జరగలేదు, అది వేరే సమస్య.

ప్రచురించే ముందు ఆ వారమే చేరిన ఒక కుర్రాడికి లాప్‌టాప్, ఇంటి వైఫై, ఆర్టికల్ మాత్రమే ఇచ్చి పక్కన నిలబడ్డాను. ఏమీ చెప్పలేదు. మూడో స్టెప్పు దగ్గర ఆగిపోయాడు. "వీపీఎన్‌లో కనెక్ట్ అవ్వండి" అని రాశాం. ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి, ఏది ఎంచుకోవాలో రాయలేదు. అది చేర్చాం. నేను పది సార్లు చదివినా ఆ లోటు నాకు కనపడలేదు.

ఇంత చేశాక కూడా టికెట్లు ఆగలేదు. రెండో వారంలో ఫోన్ చేసిన ఒకాయన పాత నాలుగో స్టెప్పునే చదివి వినిపించాడు. ఎక్కడిదండీ అంటే, షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న పీడీఎఫ్ అన్నాడు. వెతికితే ఆ వాక్యం ఇంకెన్ని చోట్ల కాపురం ఉందో తెలిసింది. గడువు మెయిల్ అడుగున, కొత్తవాళ్ల స్వాగత పత్రంలో, మేం టికెట్లకి జవాబుగా అతికించే రెడీమేడ్ పేరాలో. చివరిది అందరికంటే ప్రమాదం. దాన్ని రోజుకి పదిసార్లు మేమే పంపుతున్నాం. ఆర్టికల్‌లోంచి ఒక వాక్యం తీసేశాక, ఆ వాక్యాన్ని అక్షరాలా వెతికి ప్రతిచోటా తీయాలి. వీలైన చోట స్టెప్పులు అతికించకుండా ఆర్టికల్ లింకు ఒక్కటే ఉంచాం. ఇకపై ఒకచోట దిద్దితే చాలు.

ఫలితం వచ్చిందా లేదా అన్నది మరుసటి నెలలో చూస్తే మోసపోతాం. పాస్‌వర్డ్ గడువు 90 రోజులు కాబట్టి, ప్రతి ఉద్యోగీ కొత్త ఆర్టికల్‌ని ఒక్కసారైనా వాడటానికి ఆ 90 రోజులూ గడవాలి. అప్పుడు కూడా మొత్తం టికెట్ల సంఖ్య చూడలేదు. ఒకే మనిషి ఒకే రోజు రెండోసారి చేసిన ఫోన్లు, కొరియర్ టాస్కులు, ఈ రెండే లెక్కించాం. రెండో ఫోన్లు బాగా తగ్గాయి. పాస్‌వర్డ్ కోసం లాప్‌టాప్ తెప్పించిన టాస్క్ ఆ చివరి నెలలో ఒక్కటీ లేదు.

అసలు 90 రోజులకోసారి మార్చాలన్న నియమం అవసరమా అన్న ప్రశ్న మిగిలే ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే కారణం లేకుండా కాలపరిమితి పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దంది. మైక్రోసాఫ్ట్ 2019లో తన విండోస్ భద్రతా సిఫారసుల నుంచి ఆ గడువు తీసేసింది. నా మట్టుకు నేను ఆ నియమం పోవాలనే అంటాను. కానీ అది భద్రతా విభాగం తేల్చాల్సిన మాట, సర్వీస్ డెస్క్ చేతిలో ఉన్నది ఆర్టికల్.

ఇప్పుడు ఆ ఆర్టికల్ అడుగున ఒక వరుస ఉంటుంది: ఏ తేదీన, ఆఫీసులోనా ఇంట్లోనా, ఏ మెషీన్ మీద చేసి చూశారు అని. దిద్దిన తేదీ ఒక్కటే ఉంటే కామా సరిచేసినా అది మారిపోతుంది. చేసి చూసిన తేదీ అలా మారదు.

మీ ఆఫీసులో ఇలాంటి సూచనలు చదివి చేస్తున్నప్పుడు ఏదో ఒక స్టెప్పు దగ్గర తెర వేరేగా కనిపిస్తే, పక్కవాళ్లని అడిగి పని గడిపేసుకోకండి. ఆర్టికల్ నంబరు, స్టెప్పు నంబరు, మీరు ఎక్కడి నుంచి పనిచేస్తున్నారు, తెర మీద ఏం కనిపించింది, ఈ నాలుగూ రాసి డెస్క్‌కి పంపండి. కాకినాడ మేడమ్ ఆ రోజు "మీ ఆర్టికల్‌లో ఉన్నట్టే చేశాను" అన్నారు. ఆ మాట నేను టికెట్‌లో రాయలేదు. డెస్క్‌లో కూర్చున్నవాళ్లకి నా విన్నపం ఒక్కటే: ఆ మాట వినిపించిన ప్రతిసారీ, ఏ ఆర్టికల్ అని అడిగి నంబరు టికెట్‌లో రాయండి.